వినికిడి లోపం ఉన్న పాప మన తరగతిలో ఉంటే: టీచర్లు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నంలో ఒక ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. మూడో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒక పాప నా దగ్గర చదువుకుంది. కుడి చెవిలో 62 డెసిబెల్స్, ఎడమ చెవిలో 78 డెసిబెల్స్ వినికిడి లోపం, రెండు చెవులకూ మిషన్లు. ఆ పాపతో మొదటి ఏడాది నేను చేసిన తప్పులు, తర్వాత సరిచేసుకున్న పద్ధతులు చూసి మిగతా బడుల టీచర్లు, తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలే ఇవి. ఇందులో చెప్పేది ఎక్కువగా మిషన్ పెట్టుకుని, మాటతో చదువుకునే పిల్లల గురించి. సైగల భాష గురించి కూడా ఒక ప్రశ్న ఉంది, అది వదలకుండా చదవండి.

చెవి మిషన్ పెట్టారు కదా, ఇంకా ప్రత్యేకంగా కూర్చోబెట్టడం ఎందుకు?

పాప వాళ్ళమ్మ కూడా మొదటిరోజు ఇదే అన్నారు. "మిషన్ పెట్టాం మేడమ్, ఇప్పుడన్నీ వినబడతాయండి." వినబడతాయి, నిజమే. కానీ కళ్ళజోడు పెట్టగానే అక్షరం స్పష్టంగా కనబడినట్టు మిషన్ పెట్టగానే మాట స్పష్టంగా వినబడదు. మిషన్ శబ్దాన్ని పెద్దది చేస్తుంది. టీచర్ గొంతునీ, ఫ్యాన్ చప్పుడునీ, పక్క పిల్లాడు పెన్సిల్ డబ్బా మూసిన చప్పుడునీ కలిపి పెద్దవి చేస్తుంది. కొత్త మిషన్లు గోలని కొంత తగ్గిస్తాయి కానీ, నలభైమంది పిల్లల గదిలో మాటని మాత్రమే విడదీసి ఇవ్వలేవు. పైగా లోపం లోపలి చెవిలో ఉన్నప్పుడు పెద్దగా చేసిన శబ్దం కూడా కొంత చెదిరిపోయే లోపలికి చేరుతుంది.

రెండో సంగతి దూరం. నోటికీ చెవికీ మధ్య దూరం రెట్టింపు అయిన ప్రతిసారీ నేరుగా చేరే గొంతు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. టీచర్ గొంతు ఒక మీటరు దూరంలో సుమారు 65 ఉందనుకుందాం. రెండు మీటర్ల దగ్గర 59, నాలుగు మీటర్ల దగ్గర 53. పిల్లలతో నిండిన గదిలో ఫ్యాన్లు తిరుగుతూ, కిటికీలు తెరిచి ఉంటే చుట్టూ ఉన్న గోల 55, 60 ఉండటం మామూలే. అంటే నాలుగో బెంచీలో కూర్చున్న పాప చెవికి టీచర్ మాట గోల కంటే తక్కువగా చేరుతోంది. వినికిడి లోపం ఉన్న పిల్లలకు మాట గోల కంటే కనీసం 15 డెసిబెల్స్ పైన ఉండాలి. మిషన్ బాగా పనిచేసేది మీటరు నుంచి రెండు మీటర్ల లోపే అని చెప్పేది ఇందుకే.

అయితే మొదటి బెంచీలో కూర్చోబెడితే సరిపోతుందా?

నేనూ అదే చేశాను. మొదటి బెంచీ, నడిమధ్యన, నా టేబుల్‌కి ఎదురుగా. దసరా సెలవుల దాకా అక్కడే ఉంచాను. ఏం జరిగిందంటే పాప తల ఎప్పుడూ పైకెత్తి చూడాలి. నేను కుడివైపు నడిస్తే నా ముఖం పక్కనుంచే కనబడేది. వెనక బెంచీలో ఎవరైనా జవాబు చెబితే ఎవరు మాట్లాడుతున్నారో తెలిసేది కాదు. తను వెనక్కి తిరిగి వెతికేలోపు జవాబు అయిపోయేది. పిల్లల జవాబుల్లోనే సగం పాఠం ఉంటుంది. ఆ సగం పాపకి అందనే లేదు.

తర్వాత గది బొమ్మ కాగితం మీద వేసుకుని ఆలోచించాను. మా గదిలో బోర్డుకి ఎదురుగా నిలబడితే ఎడమ గోడకి కిటికీలు, కుడి గోడకి తలుపు. బెంచీలు మూడు వరసలు. పాపకి కుడి చెవి మెరుగు. కాబట్టి ఆ చెవి తరగతి వైపు ఉండాలి, అంటే పాప ఎడమ వరసలో కూర్చోవాలి. ఆ వైపు కిటికీ ఉంది, రోడ్డు చప్పుడు వస్తుంది కదా అని మొదట భయపడ్డాను. అందుకే కిటికీ పక్కన కాకుండా అదే వరసలో రెండో బెంచీ, నడవ వైపు చివర ఇచ్చాను. నేను సాధారణంగా నిలబడే చోటికి రెండు మీటర్లు. కాస్త కుడికి తిరిగితే తరగతి మొత్తం కనబడుతుంది. ముందు బెంచీలో పిల్లలు ఏ పుస్తకం తీశారో, ఏ పేజీ తెరిచారో చూసి తనూ తీయగలదు. ఇది చిన్న విషయం కాదు. మాట అందని పిల్లలు తోటివాళ్ళని చూసే సగం పనులు నేర్చుకుంటారు, మొదటి బెంచీలో ఆ అవకాశం ఉండదు.

మీ గదిలో కిటికీ, తలుపు తారుమారుగా ఉండొచ్చు, మీ బాబుకి ఎడమ చెవి మెరుగుగా ఉండొచ్చు. అప్పుడు చోటు మారుతుంది. చూసుకోవాల్సినవి మాత్రం అవే: మెరుగైన చెవి ఎటు, టీచర్ ముఖం ఎంత దూరం, తోటిపిల్లలు కనబడతారా, నెత్తిన ఫ్యాన్ ఉందా. గుంపు పని చేయించేటప్పుడు, గది మారినప్పుడు పాపే తన చోటు ఎంచుకునేలా ముందే చెప్పి ఉంచండి. నాలుగో తరగతి సగానికి వచ్చేసరికి మా పాప "టీచర్, ఇక్కడ మీ నోరు కనబడట్లేదు" అని తనే లేచి మారేది.

ఇంకొకటి మన నిలబడే చోటు. కిటికీకి వీపు పెట్టి నిలబడితే వెలుతురంతా వెనకనుంచి వచ్చి మన ముఖం నల్లగా కనబడుతుంది. ఉదయం పూట తూర్పు కిటికీ దగ్గర ఇది మరీ ఎక్కువ. వెలుతురు మన ముఖం మీద పడాలి.

మా బడి మెయిన్ రోడ్డు పక్కనే. గోల తగ్గించడం మా చేతిలో ఉందా?

రోడ్డుని ఆపలేం. ఎన్‌ఏడీ జంక్షన్, కంచరపాలెం, గాజువాక వైపు బడుల్లో హారన్లు, రైళ్ళ చప్పుడు ఉంటూనే ఉంటాయి. మన ఉక్కపోతలో ఫ్యాన్లు ఆపమని కూడా నేను చెప్పను. కానీ గది లోపల పుట్టే గోల మన చేతిలోనే ఉంది. బెంచీ కాళ్ళు గచ్చు మీద రాసుకునే చప్పుడు మిషన్ ద్వారా వింటే చెవిలో కత్తి దింపినట్టు ఉంటుంది. పాత సైకిల్ ట్యూబు ముక్కలు కోసి బెంచీ కాళ్ళకి తొడిగించాం, మా అటెండరు ఒక్క మధ్యాహ్నంలో చేసేశాడు. చప్పుడు చేసే ఫ్యాన్‌కి నూనె వేయించి, పాప నెత్తిమీద ఉన్నదాన్ని పాఠం చెప్పే పది నిమిషాలు మాత్రం నెమ్మదిగా తిప్పేవాళ్ళం. ఖాళీ సిమెంటు గోడలు మాటని తిరిగి కొడతాయి, ఆ ప్రతిధ్వనిలో హల్లులు కలిసిపోతాయి. వెనక గోడకి గుడ్డ అంటించిన బోర్డు పెట్టి పిల్లల బొమ్మలు అతికిస్తే కొంత తగ్గుతుంది. రోడ్డు వైపు కిటికీ ఒక్కటి పాఠం చెప్పేటప్పుడు మూసినా తేడా తెలుస్తుంది.

గట్టిగా మాట్లాడితే వినబడుతుంది కదా?

గట్టిగా అరిస్తే అచ్చులు పెద్దవవుతాయి, హల్లులు కావు. మాటలో తేడా చూపేవి హల్లులే. పైగా అరిచేటప్పుడు పెదాల ఆకారం మారిపోతుంది, ముఖం కోపంగా కనబడుతుంది. మామూలు గొంతుతో, కాస్త నిదానంగా, వాక్యం చివరిదాకా ఒకే బలంతో మాట్లాడండి. ఆ చివరి మాట ఎందుకు అన్నానో తర్వాతి ప్రశ్నలో చెబుతాను.

పాప పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది కదా? దానిమీద ఎంత ఆధారపడొచ్చు?

అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాట, బాట, మాట అని అనండి. మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుని ఒకేలా తెరుచుకుంటాయి. పడి, బడి, మడి కూడా అంతే. క, గ, హ గొంతులో పుడతాయి కాబట్టి పెదాల మీద అసలేమీ కనబడదు. పెదాలు చూడటం పాపకి సాయం చేస్తుంది, కానీ సందర్భం తెలిస్తేనే. సంగీతం గురించి మాట్లాడుతున్నామని ముందే తెలిస్తే అది పాట, దారి గురించైతే బాట. సందర్భం తెలియకపోతే అది ఊహే.

తెలుగుకి ఇంకో ఇబ్బంది ఉంది. ఇది నాకు అర్థం కావడానికి ఒక సంవత్సరం పట్టింది. మన భాషలో అర్థమంతా మాట చివర ఉంటుంది. వస్తాడు, వస్తారు, వస్తాను. మూడింటికీ తేడా చివరి అక్షరమే, అదీ పెదాల మీద దాదాపు ఒకేలా కనబడుతుంది. సీతకి, సీతని, సీతతో అన్నప్పుడు తేడా చూపే ఆ చిన్న ముక్క చాలా తక్కువ బలంతో పలుకుతాం. చేయాలి, చేయకూడదు అనేదాంట్లో అవునా కాదా అన్నది కూడా చివరే. పైగా వాక్యం చివరికి వచ్చేసరికి మన గొంతు దిగిపోతుంది, తల బోర్డు వైపు తిరుగుతుంది. అంటే అన్నిటికంటే ముఖ్యమైన ముక్క అన్నిటికంటే తక్కువగా వినబడేచోట ఉంది.

ఒక శుక్రవారం "రేపు యూనిఫాం వేసుకురాకూడదు, రంగు బట్టలు వేసుకోవాలి" అని చెప్పాను. శనివారం పాప ఒక్కతే ఇస్త్రీ చేసిన యూనిఫాంతో వచ్చింది. తరగతి గుమ్మం దగ్గర నిలబడి ఆ రంగు బట్టలన్నీ చూసిన పాప ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. "యూనిఫాం" వినబడింది, "కూడదు" వినబడలేదు. తప్పు పాపది కాదు, నాది. ఆ రోజు నుంచి బడికి, పరీక్షకి, సెలవుకి సంబంధించిన ఏ విషయమైనా బోర్డు మీద రాయకుండా నోటితో మాత్రమే చెప్పడం మానేశాను.

రాతలో కూడా ఇది కనబడుతుంది. "రాము బంతి సీత ఇచ్చాడు" అని రాస్తే తెలివి తక్కువనో, తెలుగు సరిగ్గా నేర్పలేదనో అనుకోకండి. వినబడని ముక్క రాతలోకి ఎలా వస్తుంది? ఆ "కి"ని, "ని"ని వేరే రంగు సుద్దముక్కతో రాసి, అది ఉంటే ఎవరికి ఏమవుతుందో బొమ్మ గీసి చూపించాలి. కంటితో నేర్పాల్సిన వ్యాకరణం అది.

బోర్డు మీద ఏం రాయాలి? బొమ్మలు, చార్టులు ఎలా వాడాలి?

ఒక పాఠం ఉదాహరణగా చెబుతాను. నాలుగో తరగతిలో నీరు ఆవిరవడం, మేఘం కావడం, వాన కురవడం.

ముందురోజే ఐదు మాటలు పాప నోటు పుస్తకంలో రాసి ఇంటికి పంపేదాన్ని: ఆవిరి, మేఘం, చల్లబడటం, చుక్కలు, కురవడం. పక్కన చిన్న బొమ్మ. వాళ్ళమ్మ వంటింట్లో మూత మీద పట్టిన నీటి చుక్కలు చూపించి ఆ మాటలు చెప్పేది. కొత్త మాట మొదటిసారి గోల నిండిన గదిలో వింటే అది అందదు. ఇంట్లో ఒకసారి చూసి, విని వచ్చిన మాటని తరగతిలో గుర్తుపట్టగలదు. ఈ ఒక్క పని చేసినందుకే పాప మార్కుల్లో తేడా వచ్చిందని నా నమ్మకం.

పాఠం మొదలయ్యేటప్పుడు బోర్డు ఎడమ మూలలో మూడు లైన్లు: పాఠం పేరు, పేజీ నంబరు, ఈరోజు చేయబోయే పని. అవి గంట చివరిదాకా చెరపకూడదు. పాప మధ్యలో దారి తప్పితే అక్కడ చూసి మళ్ళీ అందుకుంటుంది.

తర్వాత అన్నిటికంటే కష్టమైన అలవాటు: రాస్తున్నప్పుడు మాట్లాడకపోవడం, చూపిస్తున్నప్పుడు ఆగడం. మామూలు పిల్లలు చార్టు చూస్తూనే మన మాట వింటారు. పాప వినేది కంటితో కూడా. కళ్ళు ఒక్క చోటే ఉండగలవు. చార్టు మీద బాణం గుర్తు చూపిస్తూ "ఇదిగో, ఇక్కడి నుంచి ఆవిరి పైకి వెళ్తుంది" అని నేను అంటుంటే పాప బాణం చూడాలా, నా నోరు చూడాలా? కాబట్టి ముందు చార్టు చూపించి నోరు మూసుకుని ఐదారు సెకన్లు ఆగాలి. పాప మళ్ళీ నా వైపు చూశాక చెప్పాలి. మొదట్లో ఆ ఐదు సెకన్ల నిశ్శబ్దం చాలా ఇబ్బందిగా ఉండేది. మిగతా పిల్లలకీ అది మేలు చేసిందని తర్వాత తెలిసింది, చార్టుని నిజంగా చూడటం మొదలుపెట్టారు.

వీడియో వేస్తే గది చీకటి చేయకండి, మీ ముఖం కనబడదు. వీడియోలో చెప్పేది ఐదు వాక్యాలుగా రాసి ముందే పాప చేతికి ఇవ్వండి. మధ్యలో ఆపి ఎక్కడున్నామో వేలితో చూపించండి.

నోట్సు రాసుకుంటూ టీచర్‌ని చూడటం పాపకి కుదరదు. పక్కనున్న అమ్మాయి నోట్సు కింద కార్బన్ పేపర్ పెట్టించేదాన్ని. ఇప్పుడైతే సాయంత్రం ఫోన్‌లో ఫోటో తీసి తల్లికి పంపితే చాలు.

"అర్థమైందా?" అంటే ప్రతిసారీ తల ఊపుతుంది. నిజంగా అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఆ ప్రశ్నే అడగకండి. "అర్థమైందా" అంటే తల ఊపాలని ఈ పిల్లలు చిన్నప్పుడే నేర్చుకుంటారు. కాలేదంటే అందరూ తిరిగి చూస్తారు, టీచర్ మళ్ళీ అదే వాక్యం గట్టిగా చెబుతారు. ఊ కొడితే గొడవ ఉండదు. దీన్ని అబద్ధం అనుకోకూడదు, పిల్లల ఆత్మరక్షణ అది.

దాని బదులు జవాబులో సమాచారం ఉండేలా అడగండి. "ఇప్పుడు నువ్వేం చేయబోతున్నావు?", "ఎన్ని లెక్కలు చేయాలి?", "చుక్కలు ఎక్కడ పట్టాయి?" జవాబు తప్పితే వాక్యం ఒక్కసారి అలాగే మళ్ళీ చెప్పండి. అప్పటికీ అందకపోతే వాక్యం మార్చండి. "నీరు ఆవిరవుతుంది" అందకపోతే "వేడికి నీళ్ళు పొగలా పైకి పోతాయి" అనండి. ఆ ఒక్క మాటే పెదాల మీద కనబడక పోయి ఉండొచ్చు, మాట మారితే అందుతుంది. అదే వాక్యం నాలుగుసార్లు చెప్పడం వల్ల ఇద్దరికీ టెన్షన్ తప్ప ఏమీ రాదు.

"ఏమీ లేదులే", "తర్వాత చెబుతాలే" అన్న మాటలు మాత్రం దయచేసి వద్దు. తరగతి అంతా నవ్వితే ఎందుకు నవ్వారో పాపకి ఒక్క వాక్యంలో చెప్పాలి. అది పాఠం కంటే తక్కువేమీ కాదు.

డిక్టేషన్, చదివి వినిపించే పరీక్షలు ఏం చేయాలి?

ఒంటరి మాటలు చెప్పి రాయించే డిక్టేషన్ ఈ పిల్లలకి అక్షరదోషాల పరీక్ష కాదు, చెవుల పరీక్ష. మాట బదులు వాక్యం చెప్పండి, "బడికి వెళ్ళే దారిని బాట అంటారు, బాట రాయి" అన్నట్టు. లేదా బొమ్మ చూపించి పేరు రాయించండి. మార్కులు వేసేది రాతకైతే, రాతనే కొలవాలి. పెద్ద తరగతుల్లో అదనపు సమయం అడగొచ్చు. 40 శాతం, అంతకు మించిన వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంది. బోర్డుని బట్టి నియమాలు మారతాయి కాబట్టి హెడ్‌మాస్టరు ద్వారా ముందే రాతపూర్వకంగా అడగాలి.

మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో టీచర్‌కి ఎలా తెలుస్తుంది?

ప్రార్థన అయ్యాక రెండు నిమిషాలు చాలు. ఆరు శబ్దాలు: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. మాటలో ఉండే శబ్దాలన్నీ, లావు గొంతు నుంచి సన్నని ఈల లాంటి వాటి దాకా ఈ ఆరింటి పరిధిలోకి వస్తాయి. నోరు కనబడకుండా పాప పక్కన మీటరు దూరంలో నిలబడి ఒక్కొక్కటీ మామూలు గొంతుతో అనండి. వరుస మార్చండి, మధ్యలో ఒకసారి ఏమీ అనకుండా ఊరుకోండి, లేకపోతే లయని బట్టి చెప్పేస్తారు. పాప విన్నది తిరిగి చెప్పాలి. తర్వాత మూడు మీటర్ల నుంచి మళ్ళీ.

రోజూ చెప్పే స్ ఈరోజు చెప్పలేకపోతే ఏదో మారింది. బ్యాటరీ అయిపోవచ్చు, మిషన్‌ని చెవిలో బిగించే అచ్చులో గుమిలి అడ్డుపడవచ్చు, జలుబు చేసి చెవిలో నీరు చేరి ఉండొచ్చు. మన ఊళ్ళో ఎక్కువగా జరిగేది తేమ. సముద్రపు గాలి, చెమట కలిసి మిషన్‌కీ అచ్చుకీ మధ్య ఉండే సన్నని గొట్టంలో నీటి చుక్కగా పడతాయి. ఒక్క చుక్క చాలు, శబ్దం ఆగిపోతుంది. రాత్రిపూట బ్యాటరీ తీసేసి, దాని తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో మిషన్ పెట్టమని ఇంటివాళ్ళకి చెప్పండి. ఎండలో పెట్టకూడదు. తరగతిలో ఉన్నట్టుండి మిషన్ నుంచి కూత వస్తుంటే సాధారణంగా అచ్చు వదులైందని అర్థం, పిల్లలు ఎదిగే కొద్దీ అచ్చు మార్చాలి.

బిళ్ళ బ్యాటరీలు ఒక జత బీరువాలో ఉంచండి, తాళం వేసి. స్టిక్కర్ తీశాక ఒకట్రెండు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలి. ఏ పిల్లాడైనా మింగితే మాత్రం ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

టీచర్ మెడలో వేసుకునే మైకు గురించి విన్నాం. అవసరమా?

కొనగలిగితే, దొరికితే, తప్పకుండా. టీచర్ గొంతు మైకు నుంచి నేరుగా పాప మిషన్‌లోకి వెళ్తుంది, దూరం అనే సమస్యే పోతుంది. అన్ని మిషన్లకీ అది కలవదు కాబట్టి కొనేముందు వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టుని అడగాలి. మైకు నోటికి ఒక జానెడు కింద ఉండాలి. నల్లపూసలు, గొలుసు, చీర పైట తగిలితే ఆ రాపిడంతా పాప చెవిలో పడుతుంది, నాకు ఇది పాపే చెప్పింది. వేరే పిల్లాణ్ణి పక్కకి పిలిచి మాట్లాడేటప్పుడు ఆపేయాలి. పిల్లలు జవాబు చెప్పేటప్పుడు వాళ్ళ చేతికివ్వాలి, లేదంటే వాళ్ళు చెప్పింది మీరు తిరిగి చెప్పాలి.

సైగలు నేర్పితే మాట రాదంటారు. నిజమేనా?

కాదు. సైగలు మాటని ఆపవు. పిల్లలకి కావలసింది భాష, అది ఏ దారిలో వచ్చినా ఆలోచన పెరుగుతుంది. ఏ భాషా సరిగ్గా అందకుండా ఆరేళ్ళు గడిచిపోవడమే అసలు నష్టం. ఈ భయంతో ఎంతోమంది తల్లిదండ్రులు పిల్లల చేతులు పట్టుకుని ఆపడం చూశాను, మనసుకి చాలా కష్టంగా ఉంటుంది.

ఏ దారి ఎంచుకోవాలన్నది పిల్లల్ని బట్టి ఉంటుంది. మా పాపకి కుడి చెవి వల్ల మాట బాగానే అందేది, కాబట్టి మాట, పెదాలు, రాత, ఈ మూడూ కలిపి వాడాం. గోలగా ఉండే ఆటస్థలంలో, మిషన్ తీసేసిన వేళల్లో పనికొచ్చేలా ఓ ముప్పై సైగలు తరగతి అంతా నేర్చుకున్నాం. 90 డెసిబెల్స్ దాటిన లోపం ఉండి, మిషన్‌తో కూడా ఆరు శబ్దాల్లో రెండే అందే బాబుకి ఇది చాలదు. అతనికి భారతీయ సైగల భాష ప్రధాన భాషగా, తెలుగు చదవడం, రాయడం రెండో దారిగా ఉండాలి. సైగల భాష అంటే తెలుగు మాటలకి చేతులు ఊపడం కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది, ఉదాహరణకి ప్రశ్న పదం సాధారణంగా వాక్యం చివరికి వస్తుంది. 2015లో ఢిల్లీలో ఏర్పడిన భారతీయ సైగల భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పది వేల పదాల నిఘంటువుని వీడియోలుగా పెట్టింది. టీచర్లూ, తల్లులూ రోజుకు ఐదు చొప్పున నేర్చుకోవచ్చు. అయితే ముప్పై సైగలు వచ్చిన టీచర్ ఒక్కరే ఆ బాబుకి భాష నేర్పలేరు. అతనికి సైగలతో మాట్లాడే పెద్దవాళ్ళు, పిల్లలు కావాలి.

2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా వినబడని పిల్లలకి వాళ్ళకి తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలనే అంటోంది. ఏది తగినదో తేల్చే మాటలో పాపకీ చోటివ్వండి. తొమ్మిదేళ్ళ పిల్లకి తనకి ఏది హాయిగా ఉందో బాగా తెలుసు.

తోటి పిల్లలకి ఏం చెప్పాలి?

పాపని, తల్లిని అడిగి, వాళ్ళు సరేనంటేనే చెప్పండి. మా పాప తనే మిషన్ తీసి చూపించింది. నేను చెప్పింది మూడే: పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టండి, మాట్లాడే ముందు చెయ్యెత్తండి, ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. చెయ్యెత్తితే పాపకి ఎటు చూడాలో తెలుస్తుంది. పక్కన కూర్చునే సాయం నెలకొకరికి మార్చేదాన్ని, ఒక్క పిల్ల మీదే పడితే స్నేహం కాస్తా డ్యూటీ అయిపోతుంది.

మధ్యాహ్నం అయ్యేసరికి పాప బల్ల మీద తల పెట్టేస్తోంది. బద్ధకమా?

అలసట. పొద్దుటి నుంచి ప్రతి మాటనీ ఊహించి అతికించుకుంటూ ఉంది. కొత్త పాఠం ఉదయం పెట్టండి, మధ్యాహ్నం రాత పని, బొమ్మలు. భోజనం తర్వాత పదిహేను నిమిషాలు మిషన్ తీసి కూర్చుంటానంటే కూర్చోనివ్వండి.

ఇదంతా చేసినా చాలడం లేదని ఎప్పుడు తెలుస్తుంది? విశాఖలో ఎవరిని అడగాలి?

ఆరు శబ్దాల్లో అంతకుముందు అందినవి వరుసగా రెండు మూడు రోజులు అందకపోతే, కొత్త బ్యాటరీ వేసినా మారకపోతే, ముందు చెవి చూపించాలి. వాల్తేరు ప్రాంతంలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు టీచర్ ఒక కాగితం రాసి ఇవ్వండి: ఏ శబ్దం ఏ దూరంలో అందడం లేదో, ఎప్పటి నుంచో. డాక్టరుకి, ఆడియాలజిస్టుకి "సరిగ్గా వినట్లేదండి" అన్నదానికంటే ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది. వైకల్య శాతం చూపే సదరం ధ్రువపత్రం లేకపోతే ఆ పరీక్షకి వార్డు సచివాలయంలో స్లాట్ అడగండి. వికలాంగుల గుర్తింపు కార్డయిన యూడీఐడీ వివరాలు swavlambancard.gov.in లో ఉంటాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద పనిచేసే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయుల్ని మీ తరగతికి రమ్మని అడగండి. వచ్చినప్పుడు పాపని బయటికి తీసుకెళ్ళి చదివించడం కాకుండా, వెనక బెంచీలో కూర్చుని మీ పాఠం ఒక గంట చూడమనండి. నేను ఎన్నిసార్లు బోర్డు వైపు తిరిగి మాట్లాడుతున్నానో నాకు అలా చూసిన మేడమే లెక్కపెట్టి చెప్పారు, ఒక్క గంటలో ఇరవై మూడుసార్లు.

మిషన్ బాగుంది, చెవి బాగుంది, చోటు బాగుంది, అయినా రెండు మూడు నెలలుగా పాప జవాబుల్లో సమాచారం లేదు, కొత్త మాటలు చేరడం లేదు, బడికి రానంటోంది అంటే అప్పుడు మార్చాల్సింది బెంచీ కాదు. మాటతోనే నడిచే ఈ పద్ధతి పాపకి చాలడం లేదన్నమాట. ఇంటివాళ్ళు, ఆడియాలజిస్టు, ప్రత్యేక ఉపాధ్యాయులతో కూర్చుని సైగల భాషని ఎలా, ఎంత చేర్చాలో మాట్లాడాలి. ఆ మాటని తర్వాతి విద్యా సంవత్సరానికి వాయిదా వేయకండి.